మా బాసుని సీసీలో ఎందుకు పెట్టారు?

"నేను జవాబు ఇవ్వలేదని మీకు కోపం వస్తే నాకే చెప్పొచ్చు కదా. మా బాసుని సీసీలో ఎందుకు పెట్టారు?"

డిజైన్ ఇంజనీరు ఫోన్ చేసి ఈ మాట అడిగాడు. గొంతు పెంచలేదు, మాట తూలలేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. నేను పంపింది నాలుగు లైన్ల రిమైండర్. అందులో ప్రతి లైనూ మర్యాదగానే రాశాను. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమన్నాను, వీలు చూసుకుని చూడమన్నాను. ఇంత వినయంగా రాసిన మెయిల్ ఆయనకి ఫిర్యాదులా ఎలా కనిపించిందో అర్థం కాక ఆ రోజంతా తల పట్టుకున్నాను.

సంగతేమిటో చెప్తాను. నేను జర్మనీలో, స్టట్‌గార్ట్ దగ్గర, కారు విడిభాగాల కంపెనీలో సప్లయర్ క్వాలిటీ చూస్తాను. హోసూరులో ఒక సప్లయర్ మాకు రేకు బ్రాకెట్ తయారు చేస్తున్నాడు. 2025 జులైలో మొదటి శాంపిళ్ళ కొలతల రిపోర్టు వచ్చింది. అందులో ఒక రంధ్రం ఉండాల్సిన చోటు నుంచి కాస్త జరిగింది. డ్రాయింగ్ ప్రకారం పొజిషన్ టాలరెన్స్, అంటే రంధ్రం చోటు తప్పడానికి ఒప్పుకునే హద్దు, 0.40 మిల్లీమీటర్లు. కొలిస్తే 0.46 వచ్చింది. అది 6.6 మిల్లీమీటర్ల రంధ్రం, దాంట్లోంచి ఎం6 బోల్టు వెళ్తుంది కాబట్టి బిగింపుకి అడ్డం రాకపోవచ్చు. కానీ ఆ మాట అనాల్సింది నేను కాదు, డిజైన్ వాళ్ళు. మొదటి లాట్ వరకు ఒప్పుకుంటామని రాసివ్వాలి, లేదంటే అచ్చు సరిచేయించమనాలి. నా మొదటి మెయిల్‌కి వారం దాటినా జవాబు లేదు. ఇక్కడ ఆగస్టు వస్తే సగం ఆఫీసు సెలవులోనే ఉంటుంది. అక్కడ హోసూరులో అచ్చుల పని చూసే టూల్‌రూమ్ వాళ్ళేమో రోజూ ఫోన్ చేసి "ఏమైందండీ" అంటున్నారు. నా టెన్షన్ నాది.

సీసీ గురించి నా మాట కూడా చెప్పాలి. చెన్నైలో పనిచేసినన్నాళ్ళూ పై ఆఫీసరుని సీసీలో పెట్టకుండా రిమైండర్ పంపింది లేదు. అక్కడ అది ఎవరి మీదా చాడీ చెప్పడం కాదు. విషయం సార్‌కి తెలియాలి, రేపు ఏదైనా తేడా వస్తే "నాకెవరూ చెప్పలేదే" అనే మాట రాకూడదు. పైగా కింద ఉన్నవాడికి అది రక్ష. మెయిల్ పంపినట్టు నలుగురి కళ్ళ ముందు ఉంటుంది. ఎదుటి మనిషి కూడా ఏమీ అనుకోడు, ఎందుకంటే రేపు అతను కూడా అదే చేస్తాడు. పై నుంచి కింది దాకా అందరికీ అన్నీ తెలిసి ఉండాలనే చోట సీసీ ఒక పద్ధతి, అంతే. దాన్ని దొంగచాటు పని అన్నట్టు మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ లెక్క వేరు. పని ఒకసారి ఒకరికి అప్పగించాక ఆ పని ఆ మనిషిదే. బాసు మధ్యలో తల దూర్చడు. మొదటి రిమైండర్‌లోనే బాసు పేరు కనిపిస్తే, "నీతో మాట్లాడటం అయిపోయింది, ఇక పై వాళ్ళతోనే" అన్నట్టు చదువుతారు. మన దగ్గర అందరికీ తెలియాలని పెట్టే పేరు ఇక్కడ పంచాయితీ అయిపోతుంది. నిజంగా పై వాళ్ళ దాకా తీసుకెళ్ళాల్సి వస్తే ముందు ఆ మనిషికే చెప్తారు: "శుక్రవారం లోపు తేలకపోతే ఇద్దరం కలిసి మీ మేనేజర్‌ని అడుగుదాం" అని. ఇద్దరం కలిసి అన్న మాట నాకు నచ్చింది. కానీ ఆ మాట నాకెవరూ ముందు చెప్పలేదన్న బాధ మాత్రం పోలేదు.

ఫోన్ సంగతి పక్క సీటు ఆవిడ విన్నట్టుంది. ఆవిడ ఇక్కడే ముప్ఫై ఏళ్ళుగా కొనుగోళ్ళ విభాగంలో ఉన్నారు, పెద్దావిడ. మామూలుగా గుడ్ మార్నింగ్ తప్ప మాట్లాడే మనిషి కాదు. ఆ మధ్యాహ్నం తనంతట తానే కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. మెయిల్ చూపించమన్నారు. తెలుగులో చెప్తే అది ఇలా ఉంటుంది:

"నమస్కారం. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మళ్ళీ ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. కింది మెయిల్ గురించి చిన్న రిమైండర్. దయచేసి జతచేసిన రిపోర్టు చూసి, వీలైనంత త్వరగా తగిన చర్య తీసుకోగలరు. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటాను."

ఆవిడ మర్యాద గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఒకటే అడిగారు: "దీన్ని ఆయన ఫోన్‌లో, మీటింగ్‌కి వెళ్తూ చదివాడనుకో. ఇప్పుడు ఏం చెయ్యాలి?" నేను ఆలోచించాను. రిపోర్టు తెరవాలి. అది పద్నాలుగు పేజీలు. అందులో ఏ కొలత తేడాగా ఉందో వెతుక్కోవాలి. తర్వాత నా మొదటి మెయిల్‌కి వెళ్ళి నేను ఏమడిగానో చదవాలి. అరగంట పని. అరగంట పని ఉన్న మెయిల్‌ని ఎవరైనా సాయంత్రం చూద్దాంలే అనుకుంటారు, సాయంత్రానికి అది ఇంకో నలభై మెయిళ్ళ కింద ఉంటుంది. ఆయన నన్ను పట్టించుకోక ఊరుకోలేదు. నా మెయిల్ ఆయన్ని తన పని ఆపి నా పనిలో వెతుక్కోమంటోంది.

ఇద్దరం కూర్చుని తిరగరాశాం. పాత మెయిల్‌కే రిప్లై కొట్టాం, కొత్తగా మొదలుపెట్టలేదు, రిపోర్టు కోసం ఆయన వేరే చోట వెతకక్కర్లేకుండా. కానీ సబ్జెక్ట్ లైన్ మార్చాం. అంతకుముందు "రిమైండర్: శాంపిల్ రిపోర్టు" అని ఉండేది, ఇప్పుడు "బ్రాకెట్ రంధ్రం 0.46: ఒప్పుకోవాలా, అచ్చు సరిచేయాలా, గురువారం లోపు" అయింది. లోపల ఇలా:

"హలో, బ్రాకెట్ రంధ్రం గురించి మీ నిర్ణయం కావాలి. రిపోర్టు 9వ పేజీ, 22వ వరుస: డ్రాయింగ్ 0.40, కొలత 0.46. ఎ) మొదటి లాట్ 500 ముక్కల వరకు ఒప్పుకోవడం. బి) అచ్చు సరిచేయడం, రెండు వారాలు పడుతుంది. ఎ లేదా బి అని రాస్తే చాలు, ఫారం నేను నింపి సంతకానికి పంపుతాను. గురువారం జులై 24, కేవే 30 లోపు తెలిస్తే హోసూరు టూల్‌రూమ్‌లో వచ్చే సోమవారం ఖాళీ దొరుకుతుంది. అప్పటివరకు సరుకు పంపకుండా ఆపి ఉంచుతాను. ఇది చూడాల్సింది మీరు కాకపోతే ఎవరో చెప్పండి, వాళ్ళనే అడుగుతాను."

కేవే అంటే ఏడాదిలో ఎన్నో వారమో చెప్పే లెక్క. ఇక్కడ పనులన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. వీలైనంత త్వరగా అంటే ఎవరికీ ఏ రోజూ కాదు. కేవే 30 అంటే అందరి క్యాలెండర్‌లో గడి ఉంది. తేదీ పక్కన కారణం ఉండటం ఇంకా ముఖ్యం. కారణం లేని గడువు హుకుంలా వినిపిస్తుంది. టూల్‌రూమ్ ఖాళీ సోమవారమే అని తెలిస్తే ఆ గడువు నేను పెట్టింది కాదని చదివేవాళ్ళకి అర్థమవుతుంది.

ఒక్క దగ్గర ఆవిడా నేనూ వాదించుకున్నాం. గురువారం లోపు జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటాను అని రాద్దామన్నాను. అలాంటి మాట చెన్నైలో చాలాసార్లు పని చేసింది. ఆవిడ ససేమిరా అన్నారు. మౌనం అంగీకారం అనే మాట మీటింగ్ సమయానికో, ప్రెజెంటేషన్ రంగులకో సరిపోతుంది. డ్రాయింగ్‌కి తేడాగా ఉన్న భాగానికి రాతపూర్వకంగా అనుమతి కావాల్సిందే, రేపు ఆడిట్‌లో మౌనాన్ని ఎవరికీ చూపించలేం. అందుకే జవాబు రాకపోతే నేను ఏం చేస్తానన్నది నా చేతిలో ఉన్న పనిగా, ఎవరికీ నష్టం లేనిదిగా ఉండాలి. సరుకు ఆపడం నా చేతిలో ఉంది. ఆ వాక్యంలో బెదిరింపు లేదు, కానీ సరుకు ఆగి ఉందని తెలిస్తే ఎవరికైనా కదలిక వస్తుంది.

పంపే ముందు ఆవిడ ఇంకోటి చూశారు: ఆయన క్యాలెండర్. ఇక్కడ వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకి చట్టం ప్రకారమే ఏడాదికి కనీసం ఇరవై రోజుల సెలవుంది, చాలా కంపెనీల్లో అంతకన్నా ఎక్కువే ఇస్తారు. సెలవంటే నిజంగా సెలవే. డైమ్లర్ కంపెనీ 2014లో తెచ్చిన ఏర్పాటు గురించి ఆవిడే చెప్పారు. అది ఎంచుకున్న ఉద్యోగి సెలవులో ఉండగా వచ్చే మెయిళ్ళు వాటంతట అవే చెరిగిపోతాయి, ఎవరిని అడగాలో పంపినవాళ్ళకి జవాబు వెళ్తుంది. అలాంటి చోట లేని మనిషికి మూడు రిమైండర్లు పంపితే తిరిగొచ్చాక ఆ మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఆయన సెలవు 28 నుంచి. శుక్రవారం మధ్యాహ్నం పంపినా, సోమవారం పొద్దున పంపినా మెయిల్ మునిగిపోతుందని మంగళవారం పది గంటలకి పంపాం. సీసీ ఖాళీ.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ మెయిల్‌లో కుశల ప్రశ్న లేకపోవడం నాకు ఈ రోజుకీ వెలితిగానే ఉంటుంది. తణుకులో మా నాన్న పాస్‌బుక్ పని మీద ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తే ముందు గుమాస్తా గారి అమ్మాయి పెళ్ళి సంబంధం ఎంతవరకు వచ్చిందో అడిగేవాడు. కాగితం సంగతి లేచేటప్పుడు, గుమ్మం దగ్గర. అది కాకాపట్టడం కాదు, ఆ మనిషికి ఒక ఇల్లుందని గుర్తుంచుకోవడం. ఈ దేశంలో ఎదుటివాళ్ళ టైం మిగిలిస్తే అదే గౌరవం అంటారు. నిజమే. అయినా ఎ లేదా బి అని అడిగేసి ఊరుకోవడం నా చేతికి రావడం లేదు. ఆవిడ లేచి వెళ్ళాక చివర్లో నేనే ఒక లైను కలిపాను: "మీ సెలవు బాగా గడవాలి." దాన్ని ఈ రోజుకీ ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది. "బి. కానీ అచ్చు ముట్టుకునే ముందు ఫిక్చర్‌లో పిన్ను అరిగిందేమో చూడమనండి." ఫిక్చర్ అంటే ముక్కని కదలకుండా పట్టి ఉంచే సాధనం. దాని పిన్ను నిజంగానే అరిగింది. పిన్ను మార్చి మళ్ళీ కొలిస్తే 0.31 వచ్చింది, అచ్చు విప్పే పని తప్పింది.

హోసూరు వాళ్ళకి మాత్రం ఇలా రాయను. అక్కడ ఒక రోజు జవాబు రాకపోతే ఫోన్ చేస్తాను. "బాగున్నారాండీ, భోజనం అయిందా" అంటాను. క్వాలిటీ చూసే ఆయన మా తెలుగాయనే. పని సంగతి ఆయనే ఎత్తుతాడు. మాట్లాడాక, అనుకున్నదంతా రాసి మెయిల్ పెడతాను, కొలత, పేజీ నంబరు, తేదీ అన్నీ వేసి, వాళ్ళ మేనేజర్‌ గారిని సీసీలో పెట్టి. లేకపోతే ఆయనే ఫోన్ చేసి అడుగుతాడు, "మా సార్‌ని పెట్టలేదేంటండీ" అని.