బోడీ ప్లాట్ బాగానే వచ్చింది, స్టెప్ రెస్పాన్స్‌కి తోక మిగిలింది

బెంగళూరు పీణ్యలో నేను పనిచేసే చోట ఒక పొజిషన్ యాక్సిస్‌కి కంపెన్సేటర్ డిజైన్ చేసే పని నాకు వచ్చింది. మోటారు, లోడు, డ్రైవ్ అన్నీ కలిపితే మోడల్ ఇది: G(s) = K / [s(1+0.5s)(1+0.1s)]. ఒక ఇంటిగ్రేటర్ ఉంది కాబట్టి టైప్ వన్. స్టెప్‌కి ఎర్రర్ ఉండదు, ర్యాంప్ ఇస్తే మాత్రం 1/Kv అంత వెనకబడుతుంది. సెకనుకి 1 రేడియన్ వేగంతో తిప్పినా 0.02 రేడియన్ మించి వెనకబడకూడదన్నారు, అంటే Kv = 50. ఫేజ్ మార్జిన్ 45° కంటే తగ్గకూడదు, కదలిక చురుగ్గా ఉండాలి.

K = 50 పెట్టి చూస్తే క్రాస్ఓవర్ 8.6 rad/s దగ్గర, అక్కడ ఫేజ్ −208°. లూప్ అన్‌స్టేబుల్. లాగ్ ఒక్కటే వేస్తే మార్జిన్ దొరుకుతుంది కానీ క్రాస్ఓవర్ 1.1కి జారిపోతుంది, అప్పుడది నత్తనడక. లీడ్ ఒక్కటే అంటే 73° పైగా ఫేజ్ కావాలి, పైగా లీడ్ గెయిన్ కూడా పెంచుతుంది కాబట్టి క్రాస్ఓవర్ ఇంకా పైకి పోయి అవసరం మరింత పెరుగుతుంది. ఒక స్టేజ్ నుంచి 60° దాటి ఆశించడం కష్టం.

మారతహళ్ళి రూమ్‌లో మా గుంటూరు అన్న ఒకాయన ఉన్నాడు, కంట్రోల్స్‌లో పదేళ్ళ నుంచి ఉన్నవాడు. సెమీలాగ్ షీటు ముందు పెట్టుకుని ఫేజ్ గీత మీద పెన్సిల్ ఆనించి, “ఇది −180° ఎక్కడ తాకుతోందో చూడరా. అక్కడే కొత్త క్రాస్ఓవర్ పెట్టుకో, అప్పుడు లీడ్ ఇవ్వాల్సింది నీ మార్జిన్ ఒక్కటే” అన్నాడు. అది 4.5 rad/s.

మిగతాది ఆ ఒక్క పాయింట్ చుట్టూనే తిరిగింది. అక్కడ ప్లాంట్ గెయిన్ +12.3 dB, దాన్ని సున్నాకి దించాలి. లాగ్ జీరోని ఒక డెకేడ్ కింద, 0.45 దగ్గర, పోల్‌ని 0.045 దగ్గర పెట్టాను. అది 20 dB దించుతుంది, ఫేజ్‌లో 5° తింటుంది. అప్పుడు లీడ్ సుమారు 7.7 dB మాత్రమే ఇవ్వాలి. జీరో 2, పోల్ 20 తీసుకుంటే సరిగ్గా సరిపోయింది, ప్లాంట్‌లో 2 దగ్గరున్న పోల్ కూడా అందులోనే కొట్టుకుపోయింది.

```
s = tf('s');
G = 50/(s*(1+0.5*s)*(1+0.1*s));
C = (1+s/0.45)*(1+s/2)/((1+s/0.045)*(1+s/20));
margin(G*C)
step(feedback(G*C,1))
```

ఫేజ్ మార్జిన్ 48°, గెయిన్ మార్జిన్ 15 dB. పని అయిపోయిందనుకున్నాను.

స్టెప్ చూస్తే 0.63 సెకన్లకి పీక్, 24% ఓవర్‌షూట్. 48° మార్జిన్‌కి అంత ఎందుకా అనిపించింది, కానీ నన్ను ఆపింది దాని తర్వాత వచ్చిన భాగం. ఊగడం ఆగిపోయాక కూడా గీత 1 మీద కూర్చోలేదు, రెండో సెకను దగ్గర ఇంకా 3.7% పైనే ఉండి మెల్లగా దిగుతోంది. 2% లోపలికి రావడానికి 3.3 సెకన్లు పట్టింది. బోడీ ప్లాట్‌లో దీని జాడే కనబడదు, ఎందుకంటే మార్జిన్లు చెప్పేది క్రాస్ఓవర్ దగ్గరి సంగతి. క్లోజ్డ్ లూప్ పోల్స్ తీస్తే ఒకటి −0.49 దగ్గర, లాగ్ జీరో −0.45 పక్కనే ఉంది. రెండూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి గానీ పూర్తిగా కాదు, ఆ మిగిలిందే తోక.

లాగ్ జీరోని 0.9కి, పోల్‌ని 0.09కి జరిపి చూశాను. సెటిలింగ్ 2.3 సెకన్లకి తగ్గింది, కానీ మార్జిన్ 43°కి పడిపోయి ఓవర్‌షూట్ 33%కి ఎక్కింది. తర్వాత రిఫరెన్స్ దారిలో (1+s/0.49)/(1+s/0.45) ఫిల్టర్ పెట్టాను. స్టెప్‌లో తోక మాయమైంది, ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో ర్యాంప్ ఇచ్చి చూస్తే ఎర్రర్ 0.02 కాదు, 0.2!

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాకే అర్థమైంది. క్లోజ్డ్ లూప్‌లో 1/Kv అంటే పోల్స్ విలోమాల మొత్తంలోంచి జీరోల విలోమాల మొత్తం తీసేస్తే వచ్చేది (గుర్తులు పాజిటివ్‌గా తీసుకోవాలి). మిగతా మూడు పోల్స్ కలిసి 0.204 ఇస్తాయి, ఈ జంట అందులోంచి 0.184 తీసేస్తుంది, కాబట్టే 0.02 వస్తోంది. అంటే తోకని పుట్టించేదీ ర్యాంప్ ఎర్రర్‌ని తగ్గించేదీ అదే జంట. ఫిల్టర్‌తో జంటని కొట్టేస్తే Kv కూడా దాంతోనే పోయింది.

అన్నకి చూపిస్తే, “మీ యాక్సిస్‌కి నిజంగా స్టెప్ ఇస్తారా?” అని అడిగాడు. ఇవ్వరు, ట్రాపిజాయిడల్ వెలాసిటీ ప్రొఫైల్ ఇస్తారు, పనంతా ర్యాంప్ మీదే. ఫిల్టర్ తీసేసి జీరోని 0.45 దగ్గరే ఉంచాను. రిపోర్ట్‌లో మార్జిన్ల పక్కనే స్టెప్ సెటిలింగ్ 3.3 సెకన్లు అని రాసి, తోక కనబడేలా గ్రాఫ్‌ని ఐదు సెకన్ల దాకా గీసి పెట్టాను.