అక్షర క్రమం తీసేశాకే మా ల్యాబ్ కుదురుకుంది

మా హైస్కూల్లో సైన్స్ ల్యాబ్ బాధ్యత నాకు అప్పగించినప్పుడు స్టాక్ రిజిస్టర్, బీరువా తాళాలు ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ముందు బీరువా తీసి రిజిస్టర్‌తో సరిచూస్తాను, తర్వాతే సంతకం అన్నాను. హెడ్మాస్టరు గారు సరేనన్నారు.

తలుపు తీయగానే సీసాలన్నిటి మీదా తెల్లటి పొడి పలచగా పేరుకుని కనిపించింది. అటెండర్ దాన్ని సున్నపు దుమ్మనుకుని ఎప్పటికప్పుడు తుడిచేస్తున్నాడట. అది అమ్మోనియం క్లోరైడ్. ఒకే మూసిన బీరువాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా ద్రావణం ఉంటే, మూతల సందుల్లోంచి వచ్చే ఆవిర్లు కలిసి ఇలాగే పొడి కడతాయి. తుడిస్తే పోతుంది గానీ మళ్లీ వస్తుంది. పైగా ఆమ్లం ఆవిరికి ఇనుప అరలు తుప్పు పట్టాయి, కొన్ని లేబుళ్లు చదవడానికి వీల్లేకుండా మాడిపోయాయి.

ఇదంతా సీసాలను ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేర్చడం వల్ల వచ్చింది. వెతకడానికి తేలికే. కానీ ఆ క్రమంలో నైట్రిక్ ఆమ్లం పక్కకు నాఫ్తలీన్ వస్తుంది. సోడియం, స్పిరిట్, గంధకం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒకే అరలో పడతాయి. గాఢ నైట్రిక్ ఆమ్లం కారి స్పిరిట్‌లాంటి వాటిని తాకితే నిప్పు పుట్టవచ్చు. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది.

అందుకని పేరును బట్టి కాక గుణాన్ని బట్టి విడదీశాం. ఆమ్లాలను ఇనుప బీరువాలోంచి తీసి, కిందనున్న రాతి అరలో ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టాం. సీసా పగిలితే అందులోని ఆమ్లమంతా టబ్బులోనే నిలవాలి, అందుకే లోతైనవే కొన్నాం. నైట్రిక్ ఆమ్లానికి విడిగా ఒక టబ్బు. ఎసిటిక్ కూడా ఆమ్లమే కదా అని దాన్ని నైట్రిక్ పక్కన పెట్టకూడదు. అది మండే గుణమున్న కర్బన పదార్థం. అమ్మోనియా గదికి అటువైపు మూలకు వెళ్లింది. స్పిరిట్, అసిటోన్ స్విచ్ బోర్డుకు దూరంగా ఉన్న చిన్న అల్మరాలోకి మారాయి. పర్మాంగనేట్, నైట్రేట్లు వేరే అరలో పెట్టాం. గంధకం, బొగ్గు పొడి, మెగ్నీషియం రిబ్బను ఆ దరిదాపుల్లో లేకుండా చూశాం.

సోడియం దగ్గర ఎక్కువ జాగ్రత్త పడ్డాను. సీసాలో కిరోసిన్ తగ్గి ఒక ముక్క అంచు బయటపడి తెల్లగా పొర కట్టింది. కిరోసిన్ నింపి, సింకుకు దూరంగా పెట్టించాను. పక్కనే మూతున్న డబ్బాలో పొడి ఇసుక ఉంచాం. సోడియం అంటుకుంటే నీళ్లు పోయకూడదు, తడిసిన ఇసుక కూడా వాడకూడదు.

ఇక రిజిస్టరు. పాతదాంట్లో ‘సిల్వర్ నైట్రేట్ – 1 సీసా’ అని ఉంది. సీసా ఉంది నిజమే, లోపల ఎంత మిగిలిందో మాత్రం ఎవరికీ తెలియదు. అంత ఖరీదైన రసాయనానికి ఆ లెక్క సరిపోదు. కొత్తగా 25 గ్రాముల సీసా వచ్చాక మూతతో సహా తూచాం, 96.4 గ్రాములు. ఆ అంకెను లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటించాం. సిల్వర్ క్లోరైడ్ ఎండకు రంగు మారే ప్రయోగం పదో తరగతికి చూపించాలి. అందుకు 0.1 మోలార్ ద్రావణం 100 మి.లీ. కావాలంటే 1.7 గ్రాములు చాలు. ఇష్యూ రిజిస్టర్‌లో తేదీ, తరగతి, ప్రయోగం, ఇచ్చినది 1.7, మిగిలినది 23.3 అని రాసి, తీసుకున్న టీచరు సంతకం పెట్టించాం. సీసాను మళ్లీ తూస్తే 94.7 రావాలి. తక్కువ వస్తే ఒలికిందో, రాయకుండా తీశారో అదే రోజు అడగవచ్చు. ఎక్కువ వస్తే తేమ పట్టిందో, తూకం తప్పిందో చూడాలి. గాలిలో తేమను లాగేసే కాల్షియం క్లోరైడ్‌లాంటి వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

గాజు సామాన్లకు ఇంత పని లేదు. ఇచ్చినప్పుడు, తిరిగి తీసుకున్నప్పుడు లెక్కపెట్టి, పగిలినవాటిని అప్పుడే విడి రిజిస్టర్‌లో ఎక్కిస్తే చాలు. అంచు చిట్లిన బీకరును కూడా పగిలినదానికిందే రాస్తాను, ఎందుకంటే వేడి చేస్తే అక్కడి నుంచే పగులుతుంది.

లేబుల్ పోయిన సీసాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. వాసన చూసి పోల్చుకోవడం, సింకులో పారబోయడం రెండూ వద్దని అటెండర్‌కి గట్టిగా చెప్పాను. ఒక్కో సీసాను విడివిడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ‘ఏమిటో తెలియదు, తెరవొద్దు’ అని రాసి తాళం వేశాం. రిజిస్టర్‌లో వాటికి విడిగా ఒక పేజీ కేటాయించి, సురక్షితంగా తీసుకెళ్లే ఏర్పాటు చేయమని హెడ్మాస్టరు గారి ద్వారా పై ఆఫీసుకు రాశాం. జవాబు వచ్చేదాకా ఆ పేజీ మూయను.