గోడ మీద కోడిగుడ్డైన వృత్తం

ఇవాళ రెండో పీరియడ్ పదో తరగతికి, వృత్తానికి స్పర్శరేఖలు మొదలుపెట్టా. జియోజీబ్రాలో బొమ్మ ఇంట్లోనే గీసిపెట్టుకుని, ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ప్రొజెక్టర్ ఆన్ చేశా. బొమ్మ వచ్చీరాగానే ముందు బెంచీలోంచి ఒక పిల్ల "టీచర్, అది సర్కిల్ కాదు, కోడిగుడ్డు" అంది. నిజమే, నిలువుగా సాగిపోయి ఉంది. టేపు తెప్పించి కొలిపిస్తే అడ్డం 60 సెంటీమీటర్లు, నిలువు 80.

అది పోనీలే అనుకుని పాఠం చెప్పేద్దామంటే కుదరదు, ఎందుకంటే నేను చెప్పాల్సిందే స్పర్శబిందువు దగ్గర వ్యాసార్థం, స్పర్శరేఖ లంబంగా ఉంటాయని. బిందువుని వృత్తం పైభాగంలో కుడివైపుకి, 45 డిగ్రీల దగ్గరికి జరిపితే స్క్రీన్ మీద 90° అనే రాసుంది, పిల్లలేమో బోర్డు కోణమానిని తీసుకెళ్లి గోడకి ఆనించి కొలిస్తే ఒకవైపు 106, ఇంకోవైపు 74 వచ్చాయి. కళ్లతో చూసిందాన్ని కాదని నా మాట నమ్మమని ఎలా చెప్తాను?

ప్రొజెక్టర్ మెనూలో ఇన్ఫర్మేషన్ తెరిస్తే విషయం తెలిసింది. మా ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్ 1024 × 768, అంటే 4:3. ల్యాప్‌టాప్ పంపేది 1920 × 1080, అంటే 16:9. వెడల్పు బొమ్మని తన 4:3 ఫ్రేములో ఇరికించడానికి అది అడ్డంగా ఎక్కువ నొక్కేసింది, నిలువుగా తక్కువ నొక్కింది, అందుకే మూడుకి నాలుగు అయింది. ఇంకో నష్టం కూడా ఉంది, 1080 వరసల్ని 768కి కుదించేటప్పుడు సన్నటి గీతలు కొన్నిచోట్ల చెరిగిపోతాయి. పోయిన వారం వర్గసమీకరణాల్లో వెనక బెంచీ పిల్లలు మైనస్ గుర్తు లేకుండా ఎందుకు దించుకున్నారో నాకు ఇవాళ అర్థమైంది, పాపం వాళ్లని అప్పుడు కసిరాను కూడా.

ముందు రిమోట్‌లో ఆస్పెక్ట్ నొక్కి ఆటోలో పెట్టా. వృత్తం గుండ్రంగా అయింది కానీ పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ చిన్నదైపోయింది, గీతల మసక అలాగే ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే కి వెళ్లి రిజల్యూషన్ 1024 × 768 పెట్టా. గోడంతా నిండింది, వృత్తం గుండ్రంగా, అక్షరాలు కత్తిరించినట్టు స్పష్టంగా వచ్చాయి. రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపించే డూప్లికేట్‌లో ఉన్నాం కాబట్టి రెండిటికీ ఒకటే రిజల్యూషన్, ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో వృత్తం అడ్డంగా సాగింది, సాగనీ, పిల్లలు చూసేది గోడని. మళ్లీ కోణమానిని పెట్టారు, 90. ఆ పిల్లే కొలిచింది, తలెత్తి నవ్వింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

స్టాఫ్‌రూమ్‌లో సైన్స్ మాస్టారు "Win + P నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టుకోండి మేడమ్, గోడ వేరే తెర అవుతుంది, దేని రిజల్యూషన్ దానికే ఉంటుంది" అన్నారు. మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి అలాగే చేసి చూశా. ల్యాప్‌టాప్ 1920 × 1080, ప్రొజెక్టర్ 1024 × 768, రెండూ శుభ్రంగా ఉన్నాయి. కానీ జియోజీబ్రా కిటికీ గోడ మీద ఉంటే, బిందువుని జరపాలంటే నేను పిల్లలకి వీపు పెట్టి గోడ వైపు చూస్తూ మౌస్ కదపాలి, ఎవరికి అర్థమవుతోందో ఎవరు దిక్కులు చూస్తున్నారో మొహాలు కనపడవు. గీస్తూ చెప్పే పాఠానికి నాకు డూప్లికేటే కావాలి.

స్లైడ్లకి మాత్రం ఎక్స్‌టెండే. పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ పెడితే గోడ మీద స్లైడ్, నా ముందు నోట్సు, తర్వాతి స్లైడ్ ఉంటాయి. ఇంకో ముఖ్యమైన కారణం, పోయిన నెల డూప్లికేట్‌లో ఉండగా ఫైలు వెతుకుతూ మార్కుల లిస్టు తెరిచేశా, తక్కువొచ్చిన పిల్లాడు తల దించేసుకున్నాడు. ఎక్స్‌టెండ్‌లో అయితే అది నా తెర మీదే ఉండేది. ఏదైనా కిటికీ గోడ వైపు వెళ్లిపోయి దొరక్కపోతే Win + Shift + ఎడమ బాణం నొక్కితే ఇటు వచ్చేస్తుందని కూడా మాస్టారే చూపించారు.

ప్రొజెక్టర్ పక్కన గోడకి 1024 × 768 అని తెల్లకాగితం మీద రాసి అంటించి వచ్చా. రేపు పదో తరగతికి బయటి బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు, రెండిటి పొడవూ గోడ మీద టేపుతో కొలిపించాలి.