వసుర్వసుమనా దగ్గర మలుపు: నాన్నకు ఒక ఉత్తరం

నాన్నా,

రోజూ పొద్దున్నే తలుపేసుకుని విష్ణు సహస్రనామం చదువుతున్నానంటే మీకు నచ్చడం లేదని తెలుసు. "వెయ్యిసార్లు పిలిస్తేగానీ పలకని దేవుడా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ అరగంటలో ఏం జరుగుతుందో మీకు చెప్పగలను. లెక్కలు మీకిష్టం కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

భారతంలో అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన ఈ వెయ్యి పేర్లూ 107 శ్లోకాల్లో ఉన్నాయి. అన్నీ అనుష్టుప్పులే. పాదానికి ఎనిమిది అక్షరాలు, రెండు పాదాలు కలిపి ఒక పంక్తి. ఒక పంక్తిని ఒకే ఊపిరిలో చదవాలి, మధ్యలో గాలి పీల్చకూడదు. తొందరపడకుండా చదివితే పంక్తికి అయిదు సెకన్లు, ఊపిరి తీసుకోవడానికి రెండు. అలా 214 పంక్తులకు దాదాపు 25 నిమిషాలు, అంటే నిమిషానికి ఎనిమిదో తొమ్మిదో శ్వాసలు. మామూలుగా కూర్చున్నప్పుడు మనం కనీసం పన్నెండు తీసుకుంటాం. మొదట్లో అందరూ చేసే తప్పు వేగం. పదిహేను నిమిషాల్లో ముగిద్దామనుకుంటే పంక్తి చివరి అక్షరాలు మింగేస్తాం, విసర్గలన్నీ పోతాయి. విసర్గ పోతే ఏం పోతుందంటారా? అదే చెప్పబోతున్నాను.

కంఠస్థం అయ్యాక నోరు తనంతట తాను నడుస్తుంది, మనసు ఆఫీసుకో వంటింటికో వెళ్లిపోతుంది. "ఇంక లాభమేముంది?" అని మీరడిగేదీ ఇక్కడే. ఈ స్తోత్రంలో పరధ్యానాన్ని పట్టుకునే చోట్లున్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది 74వ శ్లోకం:

మనోజవస్తీర్థకరో వసురేతా వసుప్రదః
వసుప్రదో వాసుదేవో వసుర్వసుమనా హవిః

ఇక 12వ శ్లోకం మొదలయ్యేది ఇలా:

వసుర్వసుమనాః సత్యః సమాత్మా సమ్మితః సమః

రెంటిలోనూ "వసుర్వసుమనా" ఉంది. పైగా 75వది "సద్గతిః సత్కృతిః సత్తా" అని సకారంతోనే మొదలవుతుంది కాబట్టి నాలుక అప్పటికే "స" కోసం సిద్ధంగా ఉంటుంది. మనసు అక్కడ లేకపోతే "హవిః" అనాల్సిన చోట "సత్యః" అనేస్తాం. అంతే, 74 నుంచి 12కి జారిపోతాం. ఇక 62 శ్లోకాలు మళ్లీ చదవాల్సిందే! దాదాపు పద్నాలుగు నిమిషాలు తిరిగి నడిచి, మళ్లీ అదే మలుపు దగ్గరికి వస్తాం.

జారకుండా ఉండే ఉపాయం కూడా అక్కడే ఉంది. పన్నెండులో "మనాః" అని విసర్గ వినిపిస్తుంది. డెబ్బై నాలుగులో తర్వాత హకారం వచ్చింది కాబట్టి సంధిలో విసర్గ లోపించి "మనా హవిః" అయింది. ఛందస్సు కూడా అదే చెబుతుంది. మీరు పద్యాలకు గణాలు కట్టినవారు కదా, చూడండి: అనుష్టుప్పులో మామూలుగా ఒకటి, మూడు పాదాల్లో ఏడో అక్షరం గురువు, రెండు, నాలుగు పాదాల్లో లఘువు. పన్నెండులో ఈ మాటలు మొదటి పాదం. "సత్యః"లో "స" తర్వాత సంయుక్తాక్షరం ఉంది, కాబట్టి అది గురువు. డెబ్బై నాలుగులో ఇది నాలుగో పాదం, "హవిః"లో "హ" లఘువు. నాలుగో పాదం చివర "సత్యః" అంటే నడక కుంటుతుంది. వింటూ చదివేవాళ్లకు తెలిసిపోతుంది, వినకుండా చదివేవాళ్లకు తెలియదు.

ఆ శ్లోకంలోనే "వసుప్రదః" వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది చూశారా? వెయ్యి లెక్క పూర్తిచేయడానికి పేర్లు తిరగరాశారని అనుకోవచ్చు. శంకరాచార్యులు భాష్యంలో మొదటిదానికి ధనమిచ్చేవాడనీ, రెండోదానికి మోక్షమిచ్చేవాడనీ అర్థం చెప్పారు. ఒకే మాటను రెండో అర్థం తలుచుకుంటూ మళ్లీ పలకడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. నాకింకా పూర్తిగా రాలేదు.

ఫలశ్రుతి సంగతి. "రోగార్తో ముచ్యతే రోగాత్" చదివి మందులు మానేస్తానేమోనని మీ భయం. మానను. ఇలాంటి ఫలవాక్యాలను అర్థవాదం, అంటే ఆసక్తి కలిగించడానికి చెప్పిన పొగడ్త, అని పక్కన పెట్టి చూడటం మీమాంసకుల నాటినుంచీ ఉంది. నేను చదువుతున్నది దానికోసం కాదు. పిలుస్తున్నప్పుడు పిలుస్తున్నానన్న ఎరుక ఉండాలి, దానికోసం. ఆ పిలుపు వినేవాడు ఉన్నాడనే నేను నమ్ముతున్నాను. మీరు నమ్మనక్కర్లేదు.

ఒక్క సాయం చేయండి. పొద్దున పేపరు చదువుతూ ఎలాగూ హాల్లోనే ఉంటారు. 13వ శ్లోకం "రుద్రో బహుశిరా బభ్రుః" అని మొదలవుతుంది. అది ఒకే రోజు రెండోసారి వినిపిస్తే తలుపు కొట్టండి.

మీ అమ్మాయి