శేషం సున్నా వచ్చేదాకా: ఫోర్‌కే స్క్రీన్ మీద శాన్ ఆండ్రియాస్

ఇంట్లో పని చేసుకోవడానికని పోయిన సంక్రాంతికి 27 అంగుళాల మానిటర్ కొన్నాను. 3840×2160 పిక్సెళ్లు, 60 హెర్ట్జ్. అక్షరాలు అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. పండక్కి వచ్చిన తమ్ముడు దాన్ని చూడగానే అడిగిన మొదటి మాట, "అక్కా, దీంట్లో శాన్ ఆండ్రియాస్ ఆడదామా?" మేమిద్దరం పెరిగింది ఆ జీటీఏ ఆట మీదే. పీసీకి 2005లో వచ్చింది. మా పాత 1024×768 మానిటర్ మీద వంతులేసుకుని ఆడేవాళ్లం. నాకూ మనసు లాగింది. నా పాత కాపీ ఇన్‌స్టాల్ చేసి, రిజల్యూషన్ 3840×2160 పెట్టి మొదలుపెట్టాను.

బొమ్మ పదునుగా ఉంది కానీ ఏదో తేడాగా అనిపించింది. వాడే పట్టుకున్నాడు. "అక్కా, రాడార్ కోడిగుడ్డులా ఉందేంటి?"

నిజమే. కింద ఎడమ మూలలో గుండ్రంగా ఉండాల్సిన రాడార్ అడ్డంగా సాగిపోయి ఉంది. డబ్బులు చూపించే అంకెలు, తుపాకీ గుర్తు కూడా అలాగే లావెక్కాయి. ఈ ఆటలో తెర మీది గుర్తులన్నీ 4:3 తెర కోసం గీసినవి. 16:9 ఇస్తే వాటిని అడ్డంగా సాగదీసి సర్దేస్తుంది. దీన్ని సరిచేసే, అభిమానులు తయారుచేసిన మాడ్‌లు ఉన్నాయి, మంచివే. కానీ నాకు ఆట ఫైళ్ల జోలికి వెళ్లడం ఇష్టం లేదు. చిన్నప్పుడు ఏ చట్రంలో చూశానో ఆ చట్రంలోనే, అయితే స్పష్టంగా చూడాలనిపించింది. కాబట్టి 4:3లోనే ఆడాలని నిర్ణయించుకున్నాను.

ముందు పాత అలవాటు ప్రకారం 1024×768 పెట్టాను. రాడార్ మళ్లీ గుడ్డే, పైగా ఇప్పుడు అంతా మసక. అప్పుడు మానిటర్ కింద ఉన్న బటన్ నొక్కి దాని సొంత మెనూలో సమాచారం పేజీ తెరిచాను. అక్కడ 1024×768 అని ఉంది. అంటే పీసీ ఆ చిన్న బొమ్మనే పంపుతోంది, దాన్ని తెర నిండా సాగదీస్తున్నది మానిటర్. ఈ పేజీ చూడటం ఒక్కటి తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. అక్కడ 3840×2160 అని కనిపిస్తే పెద్దది చేసే పని పీసీలోనే అయిపోయినట్టు, చిన్న అంకె కనిపిస్తే మానిటర్ చేస్తున్నట్టు. మానిటర్ చేసేటప్పుడు మనం డ్రైవర్‌లో ఏ స్కేలింగ్ ఎంచుకున్నా లాభం లేదు.

నా పీసీలో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న రేడియాన్‌తో నెట్టుకొస్తున్నాను. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి `GPU Scaling` ఆన్ చేశాను. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చింది. దాని కిందే `Scaling Mode` ఉంటుంది, అందులో `Preserve aspect ratio` ఎంచుకున్నాను. ఈసారి మానిటర్ పేజీలో 3840×2160 కనిపించింది. రాడార్ గుండ్రంగా అయింది, రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి. మసక మాత్రం పోలేదు.

ఆ మసక ఎక్కడిదో చూద్దామని ఫోన్ కెమెరాని తెరకు బాగా దగ్గరగా పెట్టి, డబ్బుల అంకెల్లో ఒక సున్నాని ఫోటో తీశాను. పెద్దది చేసి చూస్తే సున్నా అంచు చుట్టూ బూడిద రంగు పొర. 768 వరుసల్ని 2160 వరుసల్లోకి సర్దాలంటే ఒక్కో పిక్సెల్ 2.8125 పిక్సెళ్ల చోటు తీసుకోవాలి. పిక్సెల్‌ని ముక్కలు చేయలేం కదా. అందుకని ఆ మిగిలిన భిన్నాన్ని పక్కపక్క రంగుల్ని కలిపేసి పూడుస్తారు. ఆ కలిపిన రంగే నాకు పొరలా కనిపించింది.

భిన్నం లేకుండా పెంచడమే `Integer Scaling`. ఒక పిక్సెల్‌ని 2×2 గానో 3×3 గానో యథాతథంగా పేర్చేస్తుంది, రంగులు కలపదు. అదే పేజీలో ఆ స్విచ్ ఉంది. ఆన్ చేసి ఆట తెరిచాను. సున్నా అంచు కత్తితో కోసినట్టు వచ్చింది. అయితే బొమ్మ చిన్నదైపోయింది. 768ని మూడుతో గుణిస్తే 2304, అది 2160లో పట్టదు. కాబట్టి రెండు రెట్లకే ఆగి, 2048×1536 బొమ్మని తెర నడుమ పెట్టింది. చుట్టూ నాలుగు వైపులా నలుపు. ఇంత పెద్ద మానిటర్ కొన్నది ఇందుకా అనిపించింది.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క తిరగేశాను. ఆట ఇచ్చే రిజల్యూషన్‌ని ఎన్ని రెట్లు చేయాలి అని ఆలోచించడం మానేసి, 2160ని శేషం లేకుండా భాగించే ఎత్తులేమిటో చూశాను. రెండుతో భాగిస్తే 1080, మూడుతో 720, నాలుగుతో 540. వాటికి 4:3లో వెడల్పులు 1440, 960, 720. అన్నిటికంటే పెద్దది 1440×1080. దాన్ని రెండింతలు చేస్తే 2880×2160. ఎత్తు మొత్తం నిండుతుంది, పక్కల 480 పిక్సెళ్ల చొప్పున పట్టీలు మిగులుతాయి.

ఆట మెనూలో 1440×1080 లేదు. విండోస్ ఏ రిజల్యూషన్లు చూపిస్తే ఆటకి అవే కనిపిస్తాయి, మానిటర్ చెప్పిన జాబితాలో ఇది లేదు. అందుకే కస్టమ్ రిజల్యూషన్. డ్రైవర్ డిస్‌ప్లే పేజీలో అడుగున `Custom Resolutions` ఉంది. అడ్డం 1440, నిలువు 1080, రిఫ్రెష్ 60 ఇచ్చి మిగతావి ముట్టుకోకుండా సేవ్ చేశాను. మళ్లీ ఆట తెరిస్తే `Display Setup`లో, `Advanced` కింద `1440 X 1080 X 32` వచ్చి కూర్చుంది. అది పెట్టగానే తెర ఎత్తు నిండా, గుండ్రటి రాడార్‌తో, అంచులు తేటగా గ్రోవ్ స్ట్రీట్ కనిపించింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

మరి నేరుగా 2880×2160నే కస్టమ్‌గా చేసుకుంటే స్కేలింగ్ గొడవే ఉండదు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అదీ చూశాను. బొమ్మ ఇంకా బాగుంది, అందులో సందేహం లేదు. కానీ పిక్సెళ్లు నాలుగింతలు. యాంటీ అలియాసింగ్ కూడా పెట్టేసరికి వాన పడే వీధుల్లో నా పీసీ తడబడింది. మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్లకి త్రీడీ ఆటల్లో ఆ దారే మేలు, ఎందుకంటే త్రీడీలో ఇంటీజర్ స్కేలింగ్ వాలు గీతల మెట్లని కూడా పెద్దవి చేసి చూపిస్తుంది. ఇంటీజర్ స్కేలింగ్ అసలు సొగసు పిక్సెల్ బొమ్మలతో నడిచే టూడీ ఆటల్లో ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగాన్ని 1280×1024లో పెడితే సరిగ్గా రెండింతలై 2560×2048 వస్తుంది. పైనా కిందా 56 వరుసలే నలుపు. రైతు చేతిలో గొడ్డలి కూడా విడిగా కనిపిస్తుంది.

బొమ్మ కుదిరింది. ఇక కారు నడుపుతుంటే కళ్లకి ఏదో ఇబ్బంది మొదలైంది. సాఫీగా పోదు, అలాగని ఆగిపోనూ ఆగిపోదు. మధ్యమధ్యలో చిన్న కుదుపు. ఫ్రేమ్ లెక్క చూద్దామని రివాట్యూనర్ పెట్టాను. మూలలో 25 అని నిలకడగా చూపిస్తోంది. ఆటలో ఉన్న `Frame Limiter` ఆన్‌లో ఉంటే సెకనుకి 25 దగ్గర ఆపేస్తుంది. నా మానిటర్ సెకనుకి 60 సార్లు తెర మారుస్తుంది. 60ని 25తో భాగిస్తే 2.4. అంటే ఒక ఫ్రేమ్ తెర మీద రెండు సార్లు నిలబడితే, ఇంకొకటి మూడు సార్లు నిలబడుతుంది. రెండు, రెండు, మూడు, రెండు, మూడు. కంటికి తగిలే కుదుపు ఇదే. పిక్సెళ్లలో భిన్నం మిగిలితే మసక, ఫ్రేముల్లో భిన్నం మిగిలితే కుదుపు.

మొదట చేసిన పని లిమిటర్ ఆఫ్ చేయడం. 60కి వెళ్లింది, రోడ్డు మీద వెన్నలా జారింది. ఆ ఆనందం సముద్రం దాకానే. ఆటలో హీరో సీజే నీళ్లలోకి దిగాక ఈత ముందుకు సాగలేదు. చేతులు ఆడిస్తున్నాడు, ఒడ్డు మాత్రం అక్కడే ఉంది. నా కీబోర్డ్ పాడైందేమో అని టెన్షన్ పడి ఇంకోటి తగిలించి చూశాను కూడా. తప్పు కీబోర్డ్‌ది కాదు. ఈ ఆటలో కొన్ని కదలికల లెక్క కాలంతో కాకుండా ఫ్రేములతో ముడిపడి ఉంది. ఫ్రేములు పెరిగేకొద్దీ ఈత మందగిస్తుంది. ఊరికే తిరిగేటప్పుడు పట్టించుకోనక్కర్లేదు కానీ, వూజీ ఇచ్చే ఆంఫిబియస్ అసాల్ట్ మిషన్‌లో ఎవరికీ కనపడకుండా నీటి అడుగున ఈదుకుంటూ ఓడ దాకా వెళ్లాలి. అక్కడ ఊపిరి అయిపోయి ప్రాణం పోతుంది.

కాబట్టి 25కి కొంచెం పైన ఉండాలి, 60ని శేషం లేకుండా భాగించాలి. అది 30. ఆటలో లిమిటర్ ఆఫ్‌లోనే ఉంచి, రివాట్యూనర్‌లో ప్లస్ గుర్తు నొక్కి `gta_sa.exe`ని చేర్చి, దాని ఎదురుగా `Framerate limit` దగ్గర 30 ఇచ్చాను. దీన్ని ఆ ఒక్క ఆటకే ఇవ్వాలి. `Global` మీద పెడితే మిగతా ఆటలన్నీ 30కే ఆగుతాయి. ఇప్పుడు ప్రతి ఫ్రేమ్ సరిగ్గా రెండు సార్లు నిలబడుతుంది. కుదుపు పోయింది, ఈత తిరిగొచ్చింది. 60 అంత మెత్తగా ఉండదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ హెచ్చుతగ్గులు లేని 30కి కళ్లు పది నిమిషాల్లో అలవాటు పడిపోతాయి.

పండగ అయిపోయి ఊరెళ్లాక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు చెప్పినట్టే 30 పెట్టాను, అయినా కుదుపుతోంది." వాడి లాప్‌టాప్ తెర 1920×1080, 144 హెర్ట్జ్. 144ని 30తో భాగిస్తే 4.8, మళ్లీ భిన్నమే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 120 కనిపిస్తోందా అని అడిగాను, ఉందన్నాడు. అది పెట్టమన్నాను. ఒక్కో ఫ్రేమ్ నాలుగు సార్లు. రిజల్యూషన్ సంగతి వాడికి ఇంకా తేలిక. తెర ఎత్తే 1080 కాబట్టి 1440×1080 కస్టమ్ చేసుకుని, స్కేలింగ్ మోడ్‌లో `Center` ఎంచుకుంటే పెంచాల్సిన పనే లేదు.

ఆ రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి ఫోన్‌ని లాప్‌టాప్ వైపు తిప్పాడు. సీజే నీటి అడుగున ఈదుతున్నాడు. పైన గస్తీ పడవ దాటిపోయింది. ఊపిరి గీత ఇంకా కొంచెం మిగిలి ఉండగానే ఓడ పక్కన తల పైకి తీశాడు.