తాటిచెట్టు కంటే పొట్టిది

గురువారం, రాత్రి 11.

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం వాళ్ళ రియల్ అనాలిసిస్ పేపర్లు దిద్దడం ఇవాళ్టికి పూర్తయింది. ముప్పై నాలుగింటిలో ఒక్క పేపరే నా సాయంత్రమంతా తినేసింది. 1/(n log n) పదాలను n = 2 నుంచి కూడుకుంటూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా, హద్దు లేకుండా పెరుగుతుందా అన్నది మూడో ప్రశ్న. పెరుగుతూనే ఉంటుందన్నది సరైన జవాబు. ఆ అమ్మాయి కూడా అదే రాసింది. చేతిరాత ముత్యాల్లా ఉంది, చివర గీత కూడా గీసింది. కానీ నిరూపణ నిలబడదు.

ఆమె రాసినది ఇంతే: "n ≥ 2 అయితే 1/(n log n) < 1/n. 1/n శ్రేణి డైవర్జ్ అవుతుంది. కాబట్టి కంపారిజన్ టెస్ట్ ప్రకారం ఇదీ డైవర్జ్ అవుతుంది."

పదికి మూడు వేశాను. జవాబు సరైనదే అయినప్పుడు మూడే ఎందుకొచ్చాయో ఎర్ర పెన్నుతో ఒక్క గీత గీస్తే ఆమెకు అర్థం కాదు. అందుకే వేరే కాగితం తీసి ఉత్తరం రాశాను. గుర్తుండాలని ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

"ముందు చిన్న విషయం. n = 2 దగ్గర నీ అసమానత నిజం కాదు. log 2 సుమారు 0.69, కాబట్టి మొదటి పదం 0.72 వస్తుంది, అది 1/2 కంటే పెద్దది. 3 నుంచి సరిపోతుంది. మొదటి ఒకటి రెండు పదాలు వదిలేసినా ఫలితం మారదు కాబట్టి దీనికి మార్కులు తగ్గించలేదు.

అసలు తప్పు 'కాబట్టి' దగ్గర ఉంది. డైవర్జ్ అయ్యే శ్రేణి కంటే చిన్నది అని చూపిస్తే మనకేమీ తెలియదు. తాటిచెట్టు కంటే పొట్టిది అంటే అది వేపచెట్టూ కావచ్చు, తులసి మొక్కా కావచ్చు. నీ మూడు వాక్యాల్లో log n బదులు (log n)² పెట్టి చూడు. 3 నుంచి అసమానత అలాగే నిజం, నీ వాదన అక్షరం మారకుండా నడుస్తుంది. కానీ 1/(n (log n)²) శ్రేణి కన్వర్జ్ అవుతుంది. ఒకే వాదన ఒక నిజాన్నీ ఒక అబద్ధాన్నీ నిరూపిస్తోందంటే, అది దేన్నీ నిరూపించనట్టే.

మరి కింద నుంచి పోల్చుదామంటే, p > 1 ఉన్న ఏ 1/n^p తీసుకున్నా కొంత దూరం పోయాక నీ పదం దానికంటే పెద్దదవుతుంది. కానీ అవన్నీ కన్వర్జ్ అయ్యేవే, వాటికంటే పెద్దదని తెలిసి లాభం లేదు. నీ శ్రేణి సరిగ్గా ఆ సందులో ఇరుక్కుంది. మనకు అలవాటైన కొలబద్దలేవీ అక్కడ పనిచేయవు.

అందుకే పదాల్ని గుంపులు చెయ్యాలి. 9 నుంచి 16 దాకా ఎనిమిది పదాలు. అన్నిటికంటే చిన్నది చివరిది, 1/(16 log 16). కాబట్టి ఆ గుంపు మొత్తం కనీసం 8/(16 log 16), అంటే 1/(8 log 2). 17 నుంచి 32 దాకా పదహారు పదాలు, కనీసం 1/(10 log 2). తర్వాతి గుంపు కనీసం 1/(12 log 2). 8, 10, 12… చూశావా, 1/n శ్రేణే 2 log 2 తో భాగించుకుని మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పోలిక సరైన దిక్కున ఉంది: డైవర్జ్ అయ్యేది కింద, నీది పైన."

ఇక్కడ పెన్ను పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను. 1/n కి ఇదే గుంపుల పద్ధతిని 14వ శతాబ్దంలో ఒరెమ్ వాడాడు. అది క్లాసులో చెప్పిందే. అయినా ఆ అమ్మాయికి తట్టలేదంటే, టెస్ట్ పేరు గుర్తుంది, అది ఏ దిక్కున పనిచేస్తుందో గుర్తులేదు అనిపించింది. కాలిక్యులేటర్‌తో చూసుకునే వీలు కూడా లేదు పాపం. ఈ మొత్తం log log N లాగా నత్తనడక నడుస్తుంది. పది లక్షల పదాల దగ్గర నుంచి లక్ష కోట్ల పదాల దాకా కూడినా సుమారు 0.69 మాత్రమే పెరుగుతుంది. కళ్ళతో చూసేవాళ్ళెవరైనా ఆగిపోయిందనే అనుకుంటారు. ఇలాంటి చోట నిరూపణ తప్ప మరో ఆధారం లేదు. జవాబు సరిపోయినా ఏడు మార్కులు తగ్గించింది అందుకే.

చివర రెండు వాక్యాలు చేర్చాను. "మంగళవారం లోపు 1/(n log n log log n) శ్రేణిని n = 3 నుంచి ఇలాగే గుంపులు చేసి తీసుకురా, అర్థమైతే నాలుగు మార్కులు వెనక్కి ఇస్తాను. గుంపులు చేశాక మిగిలే శ్రేణిని నువ్వు ఇదివరకే ఎక్కడో చూసి ఉంటావు."

ఉత్తరం మడిచి మూడో ప్రశ్న ఉన్న పేజీలో పెట్టాను. పొద్దున ట్యుటోరియల్‌కి పేపర్ల కట్టలో ఇదే పైన ఉంటుంది.