బంతిపూల పసుపు, కంట్లో పసుపు

నిన్న తిరుపతిలో కళ్ల డాక్టరు దగ్గర ఒక వింత పరీక్ష చేశారు. ఒక చుక్కలో నీలం, ఆకుపచ్చ కాంతులు మార్చి మార్చి వేస్తే అది మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకు ఆగేదాకా నీలాన్ని పెంచుకుంటూ పోవాలి. సూటిగా చూస్తే నీలం చాలా పెంచాల్సి వచ్చింది. ఓరగా చూస్తే కొంచెంతోనే ఆగిపోయింది.

మెషీన్ చెడిందేమో అనుకున్నా. కాదట! రెటీనా నడిమధ్య, మాక్యులాలో, ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు రంగులు పేరుకుని ఉంటాయి. కాంతిని పట్టే కణాలను చేరకముందే 460 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని అవి చాలావరకు మింగేస్తాయి. సరిగ్గా మధ్యలో జియాజాంథిన్ ఎక్కువ, చుట్టూ ల్యూటిన్ ఎక్కువ. ఓరచూపు పడేచోట ఆ పసుపు దాదాపు ఉండదు. సూటిచూపుకూ ఓరచూపుకూ మధ్య నీలంలో వచ్చిన తేడాతోనే మన పసుపు ఎంతో లెక్కగడతారు.

నాది తక్కువే వచ్చింది. "బిళ్లలు రాస్తారా సార్?" అంటే వద్దన్నారు. 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్‌ను విటమిన్లు, జింక్‌తో కలిపి ఇచ్చేది వయసుతో మాక్యులా దెబ్బతిని, జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకట. నాకు ఆకుకూరలు, గుడ్డు పచ్చసొన చాలన్నారు. ఈ రంగులు కొవ్వులో కరుగుతాయి, కాబట్టి తోటకూరకు నూనె తాలింపు ఉండాల్సిందే. (డైటింగ్ అని నేను మానేసింది అదే.)

బిళ్లల్లో వేసే ల్యూటిన్‌ను ఎక్కువగా బంతిపూల నుంచే తీస్తారని ఇంటికొచ్చి చెప్తే, మా పలమనేరు అమ్మ అడిగింది: "అయితే రేపు బంతిపూల పప్పు చేసేదా?"